వీపు మీది 1966: ఫొటోలో బార్బీని ఎలా గుర్తుపట్టాలి?

పాత బార్బీ బొమ్మను బోర్లా తిప్పి నడుము కింది భాగం చూస్తే, చాలా వాటి మీద మాటెల్ కంపెనీ పేరు, పక్కన 1966 అన్న అంకె, ఆ కింద ఒక దేశం పేరు కనిపిస్తాయి. అది చూడగానే బొమ్మ 1966లో తయారైందనే అనుకుంటారు. అరవై ఏళ్ల నాటి బొమ్మ దొరికిందని మురిసిపోయి అమ్మకానికి పెట్టేవాళ్లూ, అలాగే నమ్మి కొనేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ అంకె 1990ల చివరిదాకా తయారైన బార్బీల మీద కూడా ఉంది. ఇరవై అయిదేళ్ల కిందటి బొమ్మ మీదా, యాభై ఏళ్లు దాటిన బొమ్మ మీదా అదే ముద్ర.

కారణం తయారీ పద్ధతిలోనే ఉంది. బార్బీ ఒళ్లు లోహపు అచ్చులో పోసిన ప్లాస్టిక్. ఆకారం మీద తన హక్కును చాటుకోవడానికి కంపెనీ ఆ ఆకారాన్ని మలిచిన సంవత్సరాన్ని అచ్చులోనే చెక్కిస్తుంది. 1967లో మాటెల్ నడుము దగ్గర తిరిగే కొత్త ఒంటితో బార్బీని మార్కెట్లోకి తెచ్చింది. 1966 అన్నది ఆ ఒంటి రూపకల్పనకు చెందిన హక్కు సంవత్సరం. తరవాత మూడు దశాబ్దాల పాటు అదే నమూనా ఒంటికి తలలు మార్చి, చేతులు మార్చి, బట్టలు మార్చి లెక్కలేనన్ని బొమ్మలు అమ్మారు. వీపు మీది అంకె మాత్రం మారలేదు. అంటే ముద్ర చెప్పేది అచ్చు వయసు, బొమ్మ వయసు కాదు. ఫొటో చూసి బొమ్మను పోల్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా వంటబట్టించుకోవాల్సిన సంగతి ఇదే.

ముద్రకు ఉపయోగం లేదని దీనర్థం కాదు. అది బొమ్మకు ఒక కింది హద్దు గీస్తుంది. 1966 అని ఉన్న బొమ్మ అంతకు ముందుది కావడానికి వీల్లేదు. పై హద్దు మాత్రం తలలోనూ, రంగులోనూ, జుట్టులోనూ, బట్టల్లోనూ, దొరికితే పెట్టె మీదా వెతుక్కోవాలి.

వెతకాలంటే పనికొచ్చే ఫొటోలుండాలి. జనం సాధారణంగా తీసే ఫొటోలో బొమ్మ సోఫా మీద కూర్చుని ఉంటుంది, ముఖం మీద ఫ్లాష్ వెలుగు పడి తెల్లగా మెరుస్తుంటుంది. దానితో ఏమీ తేలదు. ముఖాన్ని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయాలి. ఫోన్ కెమెరాను ముక్కు దగ్గరికి తీసుకెళ్తే బుగ్గలు వెనక్కి పోయి ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది, ముఖం అచ్చునే తప్పుగా పోల్చుకునే ప్రమాదం ఉంది. అందుకని ఒక అడుగు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీయడం మేలు. పక్కన ఒక తెల్ల కాగితం, ఒక స్కేలు పెడితే రంగూ తెలుస్తుంది, ఎత్తూ తెలుస్తుంది. మామూలు బార్బీ ఎత్తు పదకొండున్నర అంగుళాలు, అంటే దాదాపు 29 సెంటీమీటర్లు.

ముద్ర ఫొటో తీయడంలో ఒక కిటుకుంది. అక్షరాలు ఒంటి రంగులోనే ఉంటాయి, నొక్కినట్టో ఉబ్బినట్టో ఉంటాయి తప్ప వాటికి వేరే రంగుండదు. నేరుగా వెలుగు పడితే చదునుగా కనిపించి మాయమవుతాయి. గదిలో లైటు తగ్గించి, టార్చిని బొమ్మకు పక్కగా, దాదాపు ఒంటికి ఆనించినట్టు పట్టుకుంటే ప్రతి అక్షరానికీ నీడ పడి చదవడానికి వీలవుతుంది. ఇలాగే మెడ వెనక జుట్టు పైకెత్తి, తల అడుగు అంచును కూడా తీయాలి. తలకు తనదైన ముద్ర వేరే ఉంటుంది. అది కొన్నిట్లో జుట్టు కింద బయటికి కనిపిస్తుంది, కొన్నిట్లో తల ఊడదీస్తే తప్ప కనిపించని లోపలి అంచున ఉంటుంది. పాత వినైల్ గట్టిపడి మెడ దగ్గర చిట్లిపోతుంది కాబట్టి ముద్ర కోసం తల పీకే సాహసం చేయకపోవడమే మంచిది.

ఒంటి ముద్రల చరిత్ర క్లుప్తంగా ఇదీ. బార్బీ 1959 మార్చిలో న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో తొలిసారి కనిపించింది. ఆ తొలి బొమ్మలు జపాన్‌లో తయారయ్యాయి. వాటి కుడి పిరుదు మీద బార్బీ పేరు, 1958 అన్న సంవత్సరం రోమన్ అంకెల్లో, మాటెల్ పేరు ఉంటాయి. 1963లో బార్బీ స్నేహితురాలిగా మిడ్జ్ వచ్చింది. ఇద్దరికీ ఒళ్లు ఒకటే కావడంతో ముద్రలో మిడ్జ్ 1962, బార్బీ 1958 అని రెండు పేర్లూ చేరాయి. అందువల్ల అసలు బార్బీని కూడా ‘మిడ్జ్’ అని పొరబడటం మామూలే. ఒంటి మీది పేరును బట్టి కాదు, తలను బట్టి ఎవరో తేల్చాలి. మిడ్జ్ ముఖం కాస్త వెడల్పు, చాలా వాటికి బుగ్గల మీద చిన్న చిన్న మచ్చలుంటాయి. ఆ తరవాత 1966 ముద్ర రాజ్యమేలింది. 1990ల చివర బార్బీ నడుము కాస్త వెడల్పు చేసి, ఒళ్లు మార్చాక 1999 లాంటి కొత్త సంవత్సరాలు కనిపిస్తాయి. 2016లో పొడుగు, పొట్టి, బొద్దు అంటూ మూడు కొత్త ఆకారాలు వచ్చాయి. వాటిని ముద్ర చూడకుండానే పోల్చవచ్చు.

దేశం పేరు కూడా ఆచూకీ చెబుతుంది, కానీ మోటుగానే. జపాన్ అని ఉంటే సాధారణంగా 1970ల మొదటి భాగానికి లోపలే. తైవాన్, కొరియా, హాంకాంగ్, ఫిలిప్పీన్స్, మలేషియా, చైనా, ఇండొనేషియా ఆ తరవాత ఒకదాని వెంట ఒకటి, కొన్నిసార్లు ఒకేసారి వచ్చాయి. ఒకే బొమ్మను రెండు దేశాల్లో తయారు చేసిన సందర్భాలు ఎన్నో. కాబట్టి ‘మలేషియా’ అని ఉంటే 1960ల బొమ్మ కాదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు, అంతకు మించి అది ఏమీ చెప్పదు.

తల దగ్గరికి వస్తే విషయం రక్తి కడుతుంది. బార్బీలను ఏళ్ల తరబడి సేకరించినవాళ్లు పెట్టె చూడరు, ముఖం చూస్తారు. మొదటి బార్బీలు మనవైపు చూడవు. కళ్లు ఒక పక్కకు తిప్పుకుని, కాస్త బింకంగా, పెదవులు మూసుకుని ఉంటాయి. 1971లో వచ్చిన మలిబు బార్బీ మొదటిసారి సూటిగా ముందుకు చూసింది. ఒళ్లు ఎండకు కమిలినట్టుండే ఆ బొమ్మకు స్టేసీ అనే మరో బొమ్మ కోసం చేసిన తల అచ్చును వాడారు. 1977లో సూపర్‌స్టార్ బార్బీతో ముఖమే మారిపోయింది. నోరు తెరిచి పళ్లు కనిపించేలా నవ్వు, బుగ్గల్లో నిండుదనం. ఈ తల మీద 1976 అని ఉంటుంది. 1980ల్లో, 1990ల్లో పెరిగిన పిల్లలకు ‘బార్బీ ముఖం’ అంటే గుర్తొచ్చేది ఇదే, ఎందుకంటే ఇరవై ఏళ్ల పాటు చాలా వాటిలో అదే ముఖం. 1991 అన్న ముద్రతో వచ్చిన మరో ముఖానికి, డిజైనర్ బాబ్ మాకీ పేరు మీద, సేకర్తలు ‘మాకీ ముఖం’ అని పేరు పెట్టారు. ఇందులో పెదవులు మూసి ఉంటాయి, చూపు మరీ పెద్దరికంగా ఉంటుంది.

వీటి మధ్య అందర్నీ తికమక పెట్టేది స్టెఫీ ముఖం. 1971 ముద్ర ఉండే ఈ తలను మొదట స్టెఫీ అనే పాత్ర కోసం చేశారు. ఆ పాత్ర త్వరగానే కనుమరుగైంది కానీ అచ్చు మాత్రం దశాబ్దాల పాటు పనిచేసింది. 1980లో ‘బార్బీ’ అన్న పేరుతోనే వచ్చిన మొదటి నల్లజాతి బార్బీకి, కిటీ బ్లాక్ పర్కిన్స్ రూపకల్పన చేసిన బొమ్మకు, వాడింది ఈ తలనే. బార్బీ స్నేహితురాళ్ల పేర్లతో వచ్చిన ఎన్నో బొమ్మలకూ ఇదే. చర్మం రంగు, కళ్ల రంగు, జుట్టు మారిస్తే చూసేవారికి వేరే మనిషి కనిపిస్తుంది. రంగును మనసులోంచి తీసేసి పెదవుల అంచు, చెంప ఎముక, గడ్డం మలుపు మాత్రమే చూస్తే, అచ్చు గుద్దినట్టు ఒకే ముఖం. అందుకే ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి పోల్చి చూడటం మంచి అలవాటు. రంగు కళ్లను మోసం చేస్తుంది, ఆకారం చేయదు.

అచ్చులు ఒకటే అయినప్పుడు రంగే నిర్ణయిస్తుంది. దీనికి 1959, 1960 నాటి తొలి బార్బీలే మంచి ఉదాహరణ. సేకర్తలు వాటిని ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలతో పిలుస్తారు. మొదటి రెండింటికీ కంటిపాపలు తెల్లగా ఉంటాయి, నీలం లేదు, గోధుమ రంగు లేదు. కనుబొమలు విల్లు వంపులా కాక కోణంగా విరిగినట్టుంటాయి. మూడోదానికి వచ్చేసరికి కళ్లలో నీలం పడింది, కనుబొమలు మెత్తగా వంపు తిరిగాయి. మొదటిదానికీ రెండోదానికీ ముఖంలో తేడా లేదు. తేడా అరికాళ్లలో ఉంది: మొదటి బొమ్మ పాదాల్లో రాగి గొట్టాలు బిగించిన రంధ్రాలుంటాయి, స్టాండు మీది పుల్లలు వాటిలో దూరి బొమ్మను నిలబెడతాయి. రెండోదానికి ఆ రంధ్రాలు లేవు. ఒకటో బార్బీ అని ప్రకటించి ముఖం ఫొటోలు పది పెట్టి అరికాళ్ల ఫొటో పెట్టకపోతే, అడగాల్సిన ప్రశ్న ఏమిటో తెలిసిపోతుంది. ఈ తొలి బొమ్మల ఒంటి వినైల్ కాలక్రమంలో పాలిపోయి దంతపు రంగుకు తిరిగింది. నాలుగోదాంట్లో వాడిన పదార్థం అంతగా పాలిపోలేదు. కాబట్టి ఇక్కడ పాలిపోవడం లోపం కాదు, ఆనవాలు.

మరికొన్ని మార్పులు మాత్రం లోపాలే. పాత బొమ్మల చెవులకు గుచ్చిన లోహపు పోగుల వల్ల చెవి చుట్టూ వినైల్ ఆకుపచ్చగా మారుతుంది. సేకర్తలు దీన్ని పచ్చ చెవి అంటారు. అది లోపలికి ఇంకిన మరక, తుడిస్తే పోదు. ఫొటోలో జుట్టును ముందుకు లాగి చెవులు కప్పి ఉంచారంటే దాని వెనక ఏదో ఉందనే అనుమానించాలి.

ముఖం తిరిగి రంగు వేసిన బొమ్మనూ ఫొటోలో పట్టుకోవచ్చు. పాత బొమ్మల ముఖాలకు రంగు వేసేటప్పుడు, కళ్ల భాగం, పెదవుల భాగం కత్తిరించిన లోహపు ముసుగును తల మీద పెట్టి రంగు చిమ్మేవారు. ఆ అంచులు తేటగా, ఒకే మందంలో ఉంటాయి. తరవాతి కాలంలో మెత్తటి దిండుతో అద్ది ముద్రించారు. ఇటీవలి బొమ్మల్లో డిజిటల్ ముద్రణ కూడా వచ్చింది. బాగా దగ్గర నుంచి చూస్తే ఆ కళ్లు సన్నటి చుక్కల సమూహంగా కనిపిస్తాయి. చేత్తో వేసినదానికి కుంచె మొదలైన చోట మందం, ఆగిన చోట సన్నదనం ఉంటుంది, రెండు కళ్లూ ఒకలా ఉండవు. పెదవుల మీద రంగు వెలిసిపోయి కళ్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయంటే ఎవరో చేయి పెట్టారన్నమాట.

బట్టలు అన్నిటికన్నా తక్కువ నమ్మదగినవి. పిల్లలు ఆడుకునే బొమ్మకు ఒంటి మీద ఉన్న గౌను దానితో వచ్చిందే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక ఇంట్లో మూడు బార్బీలుంటే మూడు వారాల్లో గౌన్లన్నీ కలిసిపోతాయి. జుట్టు అంతకన్నా నయం. కత్తిరించి ఉంటే చివర్లు మొద్దుగా, ఒకే గీతలో తెగి ఉంటాయి. కత్తిరించని జుట్టు చివర ఫ్యాక్టరీ పెట్టిన వంపో, ఉంగరమో కొంతైనా మిగిలి ఉంటుంది. తల పైభాగంలో పాపిట ఎక్కడ నాటారో, కుదుళ్లు ఎన్ని వరసలు ఉన్నాయో తెలిసేలా ఒక ఫొటో తీస్తే, జుట్టు ఎంత చిక్కుబడినా మూల కేశాలంకరణను ఊహించవచ్చు.

ఇవన్నీ ఒక బొమ్మ మీద ఎలా పనిచేస్తాయో చూద్దాం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువులు 1990ల్లో తెచ్చిచ్చిన బొమ్మ ఒకటి అటక మీద డబ్బాలో దొరికిందనుకుందాం. పెట్టె లేదు. ఫొటోల్లో కనిపించేవి: మడమల దాకా జారిన, అలలు అలలుగా నొక్కిన గోధుమ రంగు జుట్టు. రకరకాల రంగులు సుళ్లు తిరిగిన ప్రింటుతో, ఒంటిని పట్టుకున్న పొట్టి గౌను. వీపు మీద మాటెల్ 1966, మలేషియా.

1966, మలేషియా కలిపి చూస్తే, తిరిగే నడుము కాలానికి చెందినది, కానీ 1960లది కాదు, 1990ల చివర దాకా ఎప్పుడైనా కావచ్చు. పాతికేళ్ల సందు. ఇప్పుడు జుట్టు. మడమల దాకా ఉన్న అలల జుట్టుతో బాగా పేరుపొందిన వరస ఒకటే: 1992లో వచ్చిన టోటలీ హెయిర్. ప్రపంచమంతటా కోటికి పైగా అమ్ముడుపోయి, బార్బీల చరిత్రలోనే అత్యధికంగా అమ్ముడైన బొమ్మగా పేరు తెచ్చుకుంది. జుట్టు దువ్వి రకరకాలుగా ముడులు వేసుకోవడమే దాని ఆకర్షణ. కొన్ని పెట్టెల్లో జుట్టుకు రాసే జెల్ కూడా ఇచ్చేవారు. ఐరోపాలో అదే బొమ్మను అల్ట్రా హెయిర్ అన్న పేరుతో అమ్మారు. గౌను ప్రింటు దానికి సరిపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు: ‘టోటలీ హెయిర్ బార్బీ, గోధుమ జుట్టుది’ అని రాసేస్తారు. కానీ ఆ వరసలో బార్బీ ఒక్కతే లేదు. కెన్, స్కిప్పర్, కోర్ట్నీ, విట్నీ కూడా ఉన్నారు. కెన్‌ను ఎవరూ పొరబడరు. స్కిప్పర్, కోర్ట్నీ పొట్టివాళ్లు, చిన్నపిల్లలు. స్కేలు పెడితే తేలిపోతుంది. మిగిలింది విట్నీ. ఆమెదీ గోధుమ జుట్టే, ఎత్తూ బార్బీ ఎత్తే, ఒళ్లూ బార్బీ ఒళ్లే, వీపు మీది ముద్రా అదే 1966. ఈ ఇద్దర్నీ వేరు చేసేది తల అచ్చు ఒక్కటే. బార్బీకి సూపర్‌స్టార్ ముఖం, విట్నీకి స్టెఫీ ముఖం. ఫొటోలో నోరు తెరిచి పళ్లు కనిపిస్తే బార్బీ. పెదవులు మూసి, నిండుగా, కొంచెం ముందుకు వచ్చినట్టుంటే విట్నీ. మెడ దగ్గరి ముద్ర కనిపిస్తే అది సాక్ష్యం చెబుతుంది: మొదటిదానికి 1976, రెండోదానికి 1971. ఇక్కడో విడ్డూరం గమనించవచ్చు. ఒక్క బొమ్మ మీదే 1966, 1971 అని రెండు సంవత్సరాలుంటాయి, రెండూ నిజమే, బొమ్మ వచ్చింది మాత్రం 1992లో.

ఇంకో మెలిక ఉంది. 2017లో టోటలీ హెయిర్ ఇరవై అయిదేళ్ల జ్ఞాపకంగా మాటెల్ దాని ప్రతిరూపాన్ని మళ్లీ తెచ్చింది. పెట్టె ఉంటే ఆ విషయం దాని మీదే రాసి ఉంటుంది. పెట్టె లేనప్పుడు మన ఫొటోలోని బొమ్మ వెంట ఉన్న కథ పనికొస్తుంది. 1990ల్లో తీసిన కుటుంబ ఫొటోలో అదే బొమ్మ కనిపిస్తే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పెట్టె దొరికినప్పుడు కూడా దాని మీది సంవత్సరాన్ని కాస్త జాగ్రత్తగానే చదవాలి. అది పెట్టె మీది బొమ్మల, రాతల హక్కు సంవత్సరం. మరుసటి ఏడాది మార్కెట్లోకి వచ్చే బొమ్మకు పెట్టెను ముందు ఏడాదే సిద్ధం చేస్తారు. టోటలీ హెయిర్ పెట్టె మీద 1991 ఉండటం అందుకే. పెట్టె మీద ఎక్కువ నమ్మదగినది కంపెనీ సరుకు సంఖ్య. నాలుగైదు అంకెల ఈ సంఖ్య పక్క మడతల మీద కనిపిస్తుంది. 1980ల తరవాతి పెట్టెలకు బార్‌కోడ్ కూడా ఉంటుంది. పాత మాటెల్ పెట్టెల బార్‌కోడ్ చాలా వరకు 0 74299తో మొదలవుతుంది, తరవాతి కాలంలో 0 27084 కనిపిస్తుంది. పెట్టె మీది సంఖ్య, బార్‌కోడ్ ఒకదానితో ఒకటి పొంతన కుదరకపోతే స్టిక్కరు అంటించారేమో చూడాలి. పెట్టె అసలుదే అయినా లోపలి బొమ్మ వేరేది కావచ్చు. బొమ్మను అట్టకు కట్టే దారాలు, ప్లాస్టిక్ బిగింపులు తెగి ఉన్నాయా, మళ్లీ కట్టారా అన్నది పెట్టె వెనక వైపు ఫొటోలో తెలుస్తుంది.

మన దేశంలో తయారైన బార్బీలకు ఒక ప్రత్యేక ముద్ర ఉంది. 1980ల చివర నుంచి లియో అనే బొమ్మల బ్రాండు మాటెల్‌తో కలిసి ఇక్కడే బార్బీలను తయారు చేసింది. పెట్టె మీద లియో మాటెల్ అని ఉంటుంది. చీర కట్టిన బార్బీలు, రాష్ట్రాల వేషధారణలతో వచ్చిన ‘రూపవతి రాజస్థానీ’, ‘మిస్టికల్ మణిపురి’ లాంటివి ఈ కోవలోవే. అమెరికా సేకర్తలు వీటిని విడిగా వెతుకుతారు. అచ్చులు మాటెల్‌వి, ముఖం సూపర్‌స్టార్‌దే, కానీ రంగు వేసిన తీరు, గుడ్డ, జరీ అంచు ఇక్కడివి. చీర ఊడితే మళ్లీ కట్టడం సులువే కాబట్టి, ఏ చీర ఏ బొమ్మదన్నది పెట్టె లేకుండా తేల్చడం చాలా కష్టం.

నకిలీల సంగతి వేరు. బార్బీ వచ్చిన కొత్తలోనే హాంకాంగ్ నుంచి దాన్ని పోలిన చవక బొమ్మలు బయల్దేరాయి. వాటి మీద ఏ కంపెనీ పేరూ ఉండదు, హాంకాంగ్ అన్న మాట మాత్రమే ఉంటుంది. ఊదిన బుడగలా బోలుగా, నొక్కితే లోపలికి పోయే కాళ్లు, పక్కల పొడవునా గీతలా కనిపించే అచ్చు అతుకు, కుదుళ్లు పలచగా నాటిన తల వీటి గుర్తులు. పెద్ద గందరగోళం ఇంకోటి: బార్బీకి స్ఫూర్తినిచ్చిన జర్మన్ బొమ్మ లిల్లి. 1955లో వచ్చిన లిల్లిని, బార్బీని పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంటారు. కానీ లిల్లి పాదాలే చెప్పులు. నల్లటి మడమ చెప్పులను ఒంటితో పాటు అచ్చు పోసి రంగు వేశారు, విప్పడం కుదరదు. చెవి పోగులూ అంతే. బార్బీ చెప్పులు విడిగా ఉంటాయి, సాధారణంగా పోతాయి కూడా. చెప్పులు లేని పాదాల ఫొటో ఒక్కటి చాలు, ఆ ఇద్దరిలో ఎవరో చెప్పేయడానికి.

అచ్చు వయసుకూ బొమ్మ వయసుకూ మధ్య ఈ దూరం బార్బీతో ఆగలేదు. స్టార్ వార్స్ సినిమా పాత్రలను కెన్నర్ కంపెనీ 1978 నుంచి మూడున్నర, నాలుగు అంగుళాల మధ్య ఎత్తులో తయారు చేసింది. మొదటి పన్నెండు పాత్రల కాళ్ల వెనక జి.ఎం.ఎఫ్.జి.ఐ. అన్న అక్షరాలు, 1977 అన్న సంవత్సరం ఉంటాయి. అక్షరాలు కెన్నర్ మాతృసంస్థ జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్ పేరువి. 1980ల్లో పోసినా ఆ పాత్రకు అదే 1977. అసలు తేదీ అట్ట మీద ఉంది: అట్ట వెనక ఎన్ని పాత్రల బొమ్మలు ముద్రించారో లెక్కపెడతారు. పన్నెండు ఉంటే తొలి విడత, తొంభై రెండు ఉంటే 1985 నాటి చివరి విడత. జావా అనే చిన్న పాత్రకు మొదట ప్లాస్టిక్ అంగీ, వెంటనే గుడ్డ అంగీ వచ్చాయి. ప్లాస్టిక్‌ది అరుదు కావడంతో బెన్ కెనోబీ అంగీని కత్తిరించి జావాకు తొడిగి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. అంగీ అంచు కత్తెరతో తెగిందా, అచ్చులో ముగిసిందా అన్నది దగ్గర ఫొటోలో చూడాలి. మన ఫన్‌స్కూల్ కూడా హాస్‌బ్రో అచ్చులతో జి.ఐ.జో సైనికులను ఇక్కడ తయారు చేసింది. ఆకారం అమెరికా బొమ్మదే, యూనిఫాం రంగులు కొన్నిట్లో వింతగా వేరు. అక్కడ అచ్చును కాదు, రంగును చూసి దేశం చెబుతారు.

ఫొటో తేల్చలేనివి కొన్ని మిగులుతాయి. బార్బీ ఒళ్లు నిండుగా గట్టిగా ఉందా, బోలుగా ఉందా అన్నది చేతిలో బరువు చూస్తేనే తెలుస్తుంది. తొలి నాలుగు రకాలకూ అయిదోదానికీ ఉన్న తేడాల్లో అదొకటి. మోకాలు వంచితే టక్కుమని శబ్దం వస్తుందో లేదో, జుట్టు ఏ పోగుతో నాటారో, మరమ్మతు చేసిన మెడ జిగురు వాసన కొడుతోందో ఫొటోలో కనిపించదు. అలాంటప్పుడు నికరంగా రాయాల్సింది ఇంతే: ఒంటి ముద్ర ఏమిటి, తల ముద్ర ఏమిటి, ఏ ముఖం, ఏ దేశం, ఏ వరసకు చెందినదని అనుకుంటున్నారు, పెట్టె ఉందా లేదా. 1992 టోటలీ హెయిర్ విట్నీ, స్టెఫీ ముఖం, మలేషియా, పెట్టె లేదు, గౌను సరిపోతోంది, చెప్పులు లేవు అని రాస్తే, చదివిన సేకర్త ఏది చూసి చెప్పారో, ఏది ఊహించారో విడదీసుకోగలడు.